సిస్టరమ్మ అరలు, సైటు కొమ్మలు

ఆవిడకి అసలు పేరొకటి ఉంది గానీ దాన్ని వాడేది బ్యాంకువాళ్ళు మాత్రమే. ఆసుపత్రిలో నర్సుగా చేసినన్నాళ్ళూ రోగులు సిస్టర్ అనేవారు. వాళ్ళ వెంట వచ్చిన పెద్దవాళ్ళు దానికి గౌరవంగా ఒక ‘అమ్మ’ తగిలించి సిస్టరమ్మ అనేవారు. ఉద్యోగం మానేసి ఆసుపత్రి గేటుకి ఎదురుగా దుకాణం పెట్టుకున్నాక ఆ పిలుపు కూడా రోడ్డు దాటి ఆవిడ వెంటే వచ్చేసింది. కట్టుకున్నాయన కూడా నలుగురిలో ఉన్నప్పుడు అలాగే పిలుస్తాడు.

ఆ దుకాణంలో మందులు ఉండవు. మందులతో పని అయిపోయాక కావలసినవి ఉంటాయి. చేతికర్రలు, వాకర్లు, స్నానాలగదిలో వేసుకునే స్టూళ్ళు, మంచం పక్కన పెట్టుకునే కమోడు కుర్చీలు, వంగకుండా సాక్సు తొడుక్కునే ప్లాస్టిక్ డొప్పలు, అన్నం ఒలికిపోకుండా అంచు పైకి లేచిన కంచాలు, లావుపాటి బరువైన పిడి ఉన్న చెంచాలు. దుకాణానికి వచ్చేవాళ్ళలో చాలామందికి తమకి కావలసిన వస్తువు పేరే తెలియదు. అలాంటి వస్తువు ఒకటి ఉంటుందనీ తెలియదు. అందుకని సిస్టరమ్మ ‘ఏం కావాలి?’ అని ఎప్పుడూ అడగదు. ‘ఏం చెయ్యలేకపోతున్నారు?’ అని అడుగుతుంది.

అరలకి పేర్లు కూడా అలాగే పెట్టింది. ‘లేవలేనివాళ్ళకి’, ‘వంగలేనివాళ్ళకి’, ‘జారిపడకుండా’, ‘చెయ్యి వణికేవాళ్ళకి’. అట్టముక్కల మీద తనే పెద్ద అక్షరాలతో రాసి అరలకి అంటించింది. దుకాణం కంప్యూటర్లో సరుకు ఎక్కించినప్పుడు కూడా అవే పేర్లు వేసింది. బిల్లులు కొట్టేది కట్టుకున్నాయన. ఆయనకి ఇంకో ఉద్యోగం కూడా ఉంది: కొత్త స్టూలు, కొత్త కుర్చీ ఏది వచ్చినా ముందు ఆయన కూర్చోవాలి. ఆయన కూర్చున్నాక ఒళ్ళో ఇసుకసంచులు ఒక్కొక్కటీ పెడుతూ ఎక్కడ కాళ్ళు వంగుతున్నాయో, ఎక్కడ కిర్రుమంటోందో సిస్టరమ్మ వంగి చూస్తుంది. ‘నా ఒళ్ళు ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చింది’ అంటాడాయన.

సిస్టరమ్మకి తోడబుట్టినది ఒక్క అక్క. కుట్టుపనిలో ఆ చుట్టుపక్కల ఆవిడని మించినవాళ్ళు ఉండేవారు కాదు. కొంతకాలంగా ఆవిడ కుడిచెయ్యి వణుకుతోంది. ముందు సూదిలో దారం ఎక్కించడం మానేసింది, తర్వాత కాఫీకప్పు నిండుగా పట్టుకోవడం మానేసింది. ఆ తర్వాత అందరితో కలిసి తినడం మానేసి, ఇంట్లోవాళ్ళ భోజనాలు అయ్యాక వంటింట్లో ఒక్కతీ తినడం మొదలుపెట్టింది. ఇది చూసి సిస్టరమ్మ ఒకరోజు బరువు పిడి చెంచా ఒకటి పట్టుకెళ్ళింది.

అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇది ఏ అరలోది?”

“ఏ అరలోదైతే ఏమక్కా? బరువుగా ఉంటే చెయ్యి నిలుస్తుంది. ఒకసారి వాడి చూడు.”

“చెయ్యి వణికేవాళ్ళకి అని బోర్డు పెట్టావుగా, అందులోదేనా? ఏమే, నన్ను కూడా తీసుకెళ్ళి నీ అరలో పెట్టేస్తావా?”

మాట నవ్వుతూనే అంది. చెంచా మాత్రం తిరిగి చెల్లెలి సంచిలో పెట్టేసింది. ఆ విషయం అక్కాచెల్లెళ్ళ మధ్య మళ్ళీ రాలేదు.

ఇలా ఉండగా ఆసుపత్రివాళ్ళు కొత్త భవనం కట్టి, గేటుని అవతలి వీధిలోకి మార్చారు. పాత గేటుకి గొలుసు వేశారు. ఎవరి మీదా కోపంతో చేసింది కాదు, అంబులెన్సులు తిరగడానికి అటువైపు వీలుగా ఉందని చేశారు. కానీ సిస్టరమ్మ దుకాణం ముందు మనిషి అలికిడి తగ్గిపోయింది. పొద్దున్న తెరిస్తే మధ్యాహ్నం దాకా ఈగలు తోలుకోవడమే. అవతలి వీధిలో గది ఖాళీ లేదు. ఆన్‌లైన్‌లో పెడదాం అన్నాడాయన.

పెద్ద సైటు ఒకదానిలో అమ్మకందారుగా పేరు నమోదు చేసుకుని, మొదటి వస్తువుగా సాక్సు తొడుక్కునే డొప్పని ఎక్కించబోయాడు. ‘మీ వస్తువు కేటగిరీ ఎంచుకోండి’ అంది సైటు. మొదట కొన్ని పెద్ద పేర్లు: దుస్తులు, ఇల్లు-వంటిల్లు, ఆరోగ్యం, ఆటలు. ఒకటి నొక్కితే దానికింద ఇంకొన్ని, అందులో ఒకటి నొక్కితే ఇంకొన్ని. చిట్టచివరి పేరు దాకా దిగితే తప్ప వస్తువుని తీసుకోదు. ఆయన దుస్తుల్లోకి వెళ్ళి, సాక్సుల దాకా దిగాడు. అప్పుడు ఎర్రచుక్క పెట్టిన గడులు కొన్ని వచ్చాయి. బట్ట ఏ రకం? చీలమండకి ఎంత ఎత్తు? ఆడవారికా, మగవారికా? అవి నింపకపోతే ముందుకి కదలదు.

“ప్లాస్టిక్ డొప్పకి బట్టేమిటోయ్?” అని తల పట్టుకున్నాడు. మళ్ళీ పైకెక్కి, ఆరోగ్యంలోంచి దిగబోయాడు. అక్కడ గడులు వేరే. ఒక్క డొప్పకే పూటంతా పట్టింది. దుకాణంలో ఉన్న సరుకంతా ఇలా ఎక్కించాలంటే ఈ జన్మకి కాదని తేల్చేశాడు.

అప్పుడు వచ్చాడు సాఫ్ట్‌వేరతను. అమ్మకందారుల సరుకు జాబితా తీసుకుని సైట్ల కేటగిరీలకి వాటంతట అవే సరిపోయేలా కలిపే ఒక చిన్న కంపెనీలో పని అతనిది. నలభై దాటిన మనిషి. నెమ్మదిగా మాట్లాడతాడు. లాప్‌టాప్‌ని కమోడు కుర్చీ మీద పెట్టుకోవడానికి ఏమాత్రం సంకోచించలేదు. సైటు కేటగిరీల అమరికని మాటమాటకీ చెట్టు, కొమ్మ అనేవాడు. అందుకని ఆయన ఆ పూటే అతనికి చెట్ల డాక్టరు అని పేరు పెట్టేశాడు.

“మీ అరలు మీ పద్ధతిలో ఉన్నాయి. వాళ్ళ చెట్టు వాళ్ళ పద్ధతిలో ఉంది” అన్నాడు చెట్ల డాక్టరు. “మా సాఫ్ట్‌వేరు చేసేదేమిటంటే, ప్రతి వస్తువు పేరు, వివరణ, ఫొటో, మీ అర పేరు అన్నీ చూస్తుంది. అలాంటివి సైట్లో ఇప్పటికే ఏ కొమ్మ మీద ఉన్నాయో పోల్చుకుంటుంది. ఫలానా చివరి కొమ్మ అని చెప్పి, నూటికి ఎంత నమ్మకమో కూడా చెబుతుంది. నమ్మకం తొంభై దాటితే అదే పంపించేస్తుంది. తక్కువైతే ‘చూడవలసినవి’ అని పక్కన పెడుతుంది. వాటిని మనం చూడాలి.”

“ఒక్కొక్కటీ చూడాలా? అరకి అర కట్టెయ్యలేరా?” అన్నాడాయన.

“మామూలుగా అదే చేస్తామండీ. ఒక షాపులో ‘చేతిసంచులు’ అని అర ఉంటే, అందులోవన్నీ అక్కడి చేతిసంచుల కొమ్మకి ఒక్క ముడితో కట్టేస్తాం. మీది చూడండి.” అతను ‘చెయ్యి వణికేవాళ్ళకి’ తెరిచాడు. చెంచా ఒక కొమ్మకి పోయింది, కంచం ఒక కొమ్మకి, మూతకప్పు ఇంకోదానికి, గుండీలు పెట్టుకునే కొక్కెం మరోదానికి. “ఒక అర, ఇన్ని కొమ్మలు. ఇలాంటిచోట వస్తువు వస్తువుకీ విడిగా చూడాల్సిందే.”

సిస్టరమ్మ కుర్చీ జరుపుకుని పక్కన కూర్చుంది. ‘చూడవలసినవి’ ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. మడిచే చేతికర్రని సాఫ్ట్‌వేరు కొండలెక్కేవాళ్ళ కర్రల్లోకి పంపబోయింది. గుండీ కొక్కేన్ని చేపల గాలాల కొమ్మకి వేసి, నమ్మకం చాలా తక్కువని ఒప్పుకుంది. అంచు లేచిన కంచాన్ని పసిపిల్లల కంచాల్లో పెట్టి, తప్పనిసరి గడిలో వయసు నెలల్లో రాయమంది.

“నెలల్లోనా? మా నాన్నకి లెక్కెయ్యాలంటే కాగితం కలం కావాలి” అన్నాడాయన.

సిస్టరమ్మ వాటిని సరిచేసింది. సరిచేసిన ప్రతిదాన్నీ సాఫ్ట్‌వేరు గుర్తుపెట్టుకుంటుందనీ, మళ్ళీ అలాంటి కర్ర వస్తే కొండలెక్కించదనీ చెట్ల డాక్టరు చెప్పాడు. అంతా సాఫీగానే సాగింది గానీ ఆవిడ కన్ను ఒకచోట ఆగింది. బరువు పిడి చెంచా ‘చూడవలసినవి’లో లేనేలేదు. ఇల్లు-వంటిల్లు, భోజనసామగ్రి, చెంచాలు అనే కొమ్మకి తొంభైయేడు నమ్మకంతో తనంతట తనే వెళ్ళిపోయింది.

“ఇది వంటింటి చెంచా కాదు బాబూ. ఆరోగ్యం కిందికి మార్చండి.”

“మార్చచ్చమ్మా. అక్కడ రోజువారీ సహాయ పరికరాలు అని కొమ్మ ఉంది. కానీ ఆ కొమ్మకి ఒక గడి తప్పనిసరి, వైద్య పరికరంగా నమోదైన నంబరు. ఈ చెంచా చేసినవాళ్ళ దగ్గర అది ఉందా?”

“చెంచాకి నంబరేమిటి?”

“అదే నేను చెప్పేది. నంబరు లేకుండా పంపితే తిప్పికొడతారు. వాళ్ళు నంబరు తెచ్చుకునేదాకా ఇక్కడే ఉంచుదాం.”

“వంటింటి గరిటెల పక్కన పెడితే కావలసినవాళ్ళకి ఎలా కనబడుతుంది?”

అతను తర్వాతి వస్తువు తెరిచాడు. చెంచా అక్కడే ఉండిపోయింది. ఆవిడకి అది రుచించలేదు.

సరుకంతా సైట్లోకి ఎక్కాక కొన్నాళ్ళు ఏ చప్పుడూ లేదు. చూసేవాళ్ళున్నారు, కొనేవాళ్ళు లేరు. తర్వాత ఒక ఆర్డరు వచ్చింది, చేతికర్రకి. ఆయన దాన్ని పొడుగాటి అట్టపెట్టెలో సర్ది బల్లమీద పెట్టాడు. మర్నాడు దుకాణం ముందు ఒక లారీ ఆగింది. ఇద్దరు మనుషులు నడుములకి వెడల్పాటి బెల్టులు కట్టుకుని, చక్రాల బండీ తోసుకుంటూ లోపలికొచ్చారు.

“నూటపది కేజీల సామానుందటమ్మా. ఎక్కడ?” అన్నాడు పెద్దవాడు.

సిస్టరమ్మ బల్లమీది పెట్టెని చూపించింది. అతను చేతిలో కాగితం చూశాడు, పెట్టెని చూశాడు, వెనక ఇంకేమైనా ఉందేమోనని గది నాలుగు మూలలూ చూశాడు.

“ఇదా?”

“జాగ్రత్తగా ఎత్తు నాయనా, నడుం పట్టేస్తుంది” అన్నాడాయన.

పెద్దవాడు పెట్టెని చంకలో పెట్టుకుని, కాగితం మీద సంతకం తీసుకుని వెళ్ళిపోయాడు. రెండోవాడు ఖాళీబండి తోసుకుంటూ వెనకే వెళ్ళాడు. లారీ కదిలేదాకా ఇద్దరూ నవ్వాపుకోలేకపోవడం దుకాణంలోకి వినబడింది.

సిస్టరమ్మకి నవ్వు రాలేదు. చెట్ల డాక్టరుకి ఫోను చేసింది. అతను మధ్యాహ్నానికి వచ్చి, సరుకు జాబితానీ సైట్లో కనిపిస్తున్నదాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

“మీ జాబితాలో ‘బరువు’ అని ఒక గడి ఉంది.”

“ఉంది.”

“అది దేని బరువు?”

“మనిషిది” అంది సిస్టరమ్మ. “ఎంత బరువున్న మనిషిని ఆ వస్తువు మోస్తుందో అది. ఇసుకసంచులు పెట్టి చూసి రాసుకున్నది. నా దుకాణంలో బరువంటే ఇంకేముంటుంది?”

అతను తలూపాడు. “సైటు అడిగేది వస్తువు బరువు. మీ గడి పేరు బరువు, అందులో ఉన్నవి అంకెలు, పక్కన కేజీలు. సాఫ్ట్‌వేరు రెండింటికీ ముడిపెట్టేసింది. దాన్నే వస్తువు తూకం అనుకుని రవాణా ఖర్చు లెక్కకట్టింది సైటు. అందుకే చూసినవాళ్ళలో ఒక్కరు తప్ప అందరూ ఖర్చు చూసి పారిపోయారు.” జాబితా మీద వేలుపెట్టి అన్నాడు, “ఇది నేను పట్టుకోవలసింది. ఆ కొమ్మమీద ఉన్న మిగతా చేతికర్రలన్నీ కేజీ లోపే. ఒకటి నూటపది అంటుంటే పంపకముందే ఆపాలి. ఆ కాపలా పెట్టలేదు.”

“పెట్టండి మరి.”

అతను అక్కడే కూర్చుని ఆ ముడి విప్పాడు. ‘బరువు’ గడిని తీసుకెళ్ళి సైట్లో ‘మోయగల గరిష్ఠ బరువు’ అనే గడికి కట్టాడు. అసలు వస్తువుల తూకానికి జాబితాలో కొత్త గడి పెట్టాడు. ఆయన తక్కెడ తెచ్చుకుని ఒక్కొక్కటీ తూస్తూ అంకెలు చెబుతుంటే సిస్టరమ్మ ఎక్కిస్తోంది. అలా ఎక్కిస్తూ స్టూళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

“ఇదేమిటి? ముడి ఇప్పుడేగా కట్టారు. స్టూళ్ళకి మోసే బరువు అంతకు ముందునుంచే రాసి ఉంది. అన్నిటికీ నూట ఇరవై!”

అతను వంగి చూశాడు. “స్నానపు స్టూళ్ళ కొమ్మకి ఆ గడి తప్పనిసరమ్మా. మీ అంకె వేరేచోటికి పోయింది కదా, ఇక్కడ ఖాళీ వచ్చింది. ఖాళీ ఉంటే సైటు తీసుకోదు. అందుకని ఆ కొమ్మమీద ఉన్న మిగతా స్టూళ్ళు చూసి, ఎక్కువవాటికి ఏముందో అది వేసింది. రంగు, ఆకారం లాంటివాటికి ఇది బాగా పనిచేస్తుంది.”

“స్టూలు విరగడానికి రంగుతో పనిలేదు బాబూ.”

ఆవిడ గొంతు పెంచలేదు. వార్డులో పనిచేసిన రోజుల్లో తడినేల మీద పడ్డవాళ్ళని ఆవిడ ఎంతమందిని లేపిందో, లేపలేక ఎంతమందికి స్ట్రెచరు పిలిచిందో ఆయనకి తెలుసు. తక్కెడ కిందపెట్టాడు.

తను పరీక్షించి రాసుకున్నవి ఇప్పుడు కొత్త ముడితో వాటి చోటికి వచ్చేశాయి. ఒకదానికి తొంభై, ఒకదానికి నూట ముప్పై. కానీ వీపు ఆనించుకునే రకం స్టూలు ఒకటి మాత్రం నూట ఇరవై దగ్గరే ఉంది. అది కొత్తగా వచ్చిన సరుకు. ఆయన నడుంనొప్పితో ఉండటంవల్ల దానికి పరీక్ష జరగలేదు. చేసినవాళ్ళని అడిగితే ఇంకా చెప్పలేదు. అందుకని ఆవిడ గడి ఖాళీగా వదిలేసింది. తమాషా ఏమిటంటే, ఆ ఖాళీవల్లే దాని తూకం కూడా సాఫ్ట్‌వేరే సైట్లోని మిగతా స్టూళ్ళని చూసి వేసుకుంది. ఆ అంకె మామూలుగా ఉండటంతో రవాణా ఖర్చు తక్కువ పడింది. స్టూళ్ళన్నిటిలో ఆ ఒక్కదానికే, లారీ వెళ్ళాక, ఆర్డరు వచ్చింది. పెట్టెలో సర్ది, చిరునామా అంటించి, గుమ్మం పక్కన సిద్ధంగా ఉంది.

“దీన్ని ఆపెయ్యండి” అంది సిస్టరమ్మ.

“అమ్మకందారు తరఫున రద్దు చేస్తే మీ రేటింగు పడిపోతుందమ్మా. కొత్త దుకాణం, అసలే…” అన్నాడు చెట్ల డాక్టరు. “పైగా ఇలాంటివి ఎక్కువగా నూట ఇరవై మోస్తాయి.”

“ఎక్కువగా అంటే ఇది మోస్తుందని కాదుగా. నేను ఖాళీ వదిలానంటే తెలియదని. తెలియదని రాసుకున్నచోట ఇంకొకరు తెలుసని రాయకూడదు.”

అతను లాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. ఆర్డరు రద్దయింది. స్టూలు ఎంత బరువు మోస్తుందో తేల్చుకోకుండా సైట్లో అంకె వేశామనీ, అందుకే పంపడం లేదనీ దాన్ని కొన్న మనిషికి ఆవిడ సైటు ద్వారా నాలుగు ముక్కలు రాయించింది. ఆ మనిషి బదులు రాయలేదు. ఒక్క నక్షత్రం ఇచ్చి, ‘ఆర్డరు పెట్టాక లేదన్నారు’ అని మాత్రం రాశాడు. చాలాకాలం దుకాణం పేరు కింద మొట్టమొదట కనిపించింది ఆ మాటే. కొన్నాళ్ళకి ఆ స్టూలు చేసినవాళ్ళ దగ్గర్నుంచి కబురొచ్చింది: తొంభై దాటితే మా పూచీ లేదు. సిస్టరమ్మ తొంభై అని వేసి, దాన్ని మళ్ళీ సైట్లో పెట్టింది. తను ఆపింది సరైనదేనని ఎవరితోనూ అనలేదు. ఆ కొన్న మనిషి ఎంత బరువుంటాడో ఆవిడకి తెలిసే దారి లేదు.

చెట్ల డాక్టరు తన ఆఫీసుకి వెళ్ళి ఒక పని చేశాడు. సాఫ్ట్‌వేరు ఎన్నడూ ఊహించి నింపకూడని గడులు ఇవీ అని విడిగా పెట్టించాడు. మోసే బరువు, ఏ వయసు పిల్లలకి పనికొస్తుంది, ఒంటికి తగిలే రబ్బరు ఏ రకం, ఇలాంటివి. వాటికి అమ్మకందారు ఇచ్చిన సమాచారంలో ఆధారం ఉంటేనే నింపాలి, లేకపోతే వస్తువు ఆగిపోయినా సరే అడగాలి. దీనివల్ల చాలా దుకాణాల సరుకు సగంలో ఆగిందనీ, పైవాళ్ళు మొహం మాడ్చుకున్నారనీ ఫోనులో చెప్పాడు. అంతకంటే ఏమైందో చెప్పలేదు. ఉద్యోగం మాత్రం అక్కడే చేస్తున్నాడు.

రవాణా ఖర్చు దారికొచ్చాక అమ్మకాలు మెల్లగా పుంజుకున్నాయి. అన్నిటికంటే ఎక్కువ పోయింది, సిస్టరమ్మ ముక్కున వేలేసుకునేలా, బరువు పిడి చెంచా. చెయ్యి వణికేవాళ్ళే కొంటున్నారా అంటే చెప్పలేం. పట్టుకుంటే బావుందని ఒకరు రాశారు. మా అబ్బాయి స్వయంగా తినడం నేర్చుకున్నాడని ఒకరు రాశారు. జబ్బు గురించి ఒక్కరూ రాయలేదు.

ఒక ఉదయం ఆయన ఆర్డర్ల చీటీలు అచ్చుతీసి బల్లమీద పెట్టి, కాఫీకి లోపలికి వెళ్ళాడు. సిస్టరమ్మ ఒక్కొక్కటే తీసి పెట్టెలకి అంటిస్తోంది. ఒక చీటీ మీద అక్క పేరుంది. అక్క ఇంటి నంబరు, వీధి, మెట్లెక్కి కుడివైపు అన్న గుర్తు కూడా ఉంది. వస్తువు: చెంచా, బరువైన పిడి. ఎన్ని: ఆరు.

అక్క ఇంట్లో తినేవాళ్ళు ఆరుగురు.

సిస్టరమ్మ ఆ చీటీ మళ్ళీ ఒకసారి చదివింది. ఒక్కటి కొంటే అది అక్క చెంచా అవుతుంది. ఆరు కొంటే అవి ఇంట్లో చెంచాలు అవుతాయి. తను ఆ రోజు ఒకటే పట్టుకెళ్ళింది. ఆరు చెంచాలూ ఏరి, మెత్తటి కాగితం చుట్టి, అందరికీ వేసే పెట్టెలోనే వేసింది. తనే వెళ్ళి ఇచ్చిరావచ్చు, రెండు వీధుల దూరం. కొరియరుకే ఇచ్చింది. ఆయన అడిగితే “చెంచాలు, ఆరు” అంది, చిరునామా చదవలేదు.

ఆ తర్వాతి వారం అక్క ఇంటికి వెళితే భోజనాలవేళ అయింది. అందరూ బల్ల చుట్టూ ఉన్నారు, అక్కతో సహా. అందరి చేతుల్లోనూ అవే చెంచాలు.

“ఏమిటీ, కొత్త చెంచాలా?” అంది సిస్టరమ్మ.

“ఆన్‌లైన్‌లో కొన్నానే” అంది అక్క. “పాతవి మరీ రేకుల్లా ఉన్నాయి. ఇవి చూడు, చేతిలో పెట్టుకుంటే పెద్దమనిషి తరహా.”

“మంచి బరువుగా ఉన్నాయి” అన్నాడు బావగారు. “మీ దుకాణంలో ఇలాంటివి ఉండవా?”

“దాని దుకాణంలోవి పేషెంట్లకి” అంది అక్క.

చెంచాలు పంపిన పెట్టె మీద మూలగా, చిన్న అక్షరాల్లో దుకాణం రిజిస్టరు పేరు ఉంటుంది. అక్క దాన్ని చూసిందో లేదో సిస్టరమ్మకి తెలియదు. అడగాలని అనిపించలేదు. “బావున్నాయి అక్కా” అని కుర్చీ లాక్కుని కూర్చుంది. అక్క చెయ్యి వణుకుతూనే ఉంది. చెంచా మాత్రం నోటిదాకా వెళుతోంది. బల్ల దగ్గర ఎవరూ ఆ చేతిని చూడటం లేదు. అదొక్కటే ఆవిడకి కొత్తగా కనిపించింది.

మర్నాడు చెట్ల డాక్టరుకి ఫోను చేసింది.

“ఆ చెంచాకి నంబరు వచ్చినా సరే, ఆరోగ్యం కిందికి మార్చకండి. అక్కడే ఉండనివ్వండి. అంచు లేచిన కంచం కూడా మామూలు కంచాల్లోకి పంపించండి.”

“మీరేగా వద్దన్నారు?” అన్నాడతను.

“అన్నాను. ఇప్పుడు ఉండనివ్వమంటున్నాను. కానీ చెయ్యి వణుకుతోంది అని వెతికేవాళ్ళకి కూడా కనబడాలి. కుదురుతుందా?”

“కుదురుతుందమ్మా. వస్తువు ఒక్క కొమ్మమీదే ఉండాలి గానీ వెతుకుడు మాటలు విడిగా ఇవ్వచ్చు. వాటిని కొనేవాళ్ళు చూడరు.”

“చూడకపోతేనే మంచిది.”

మరి స్టూళ్ళు, కమోడు కుర్చీలూ కూడా ఇంటి సామాన్లలోకి మార్చేద్దామా అని అతను అడిగాడు. వద్దంది. అక్కడైతే మోసే బరువు తప్పనిసరి గడి కాదనీ, రంగూ కలపా చెబితే చాలనీ ఆవిడ అప్పటికే చూసి పెట్టుకుంది. మొహమాటానికి ఒక కొమ్మ, ఎముకలకి ఒక కొమ్మ అని ఆయనతో అంది. ఆయనకి సగమే అర్థమైనా సరేనన్నాడు.

దుకాణంలో కూడా ఒక మార్పు చేసింది. చెంచాలు, కంచాలు, మూతకప్పులు లోపలి అరలోంచి తీసి వీధివైపు అద్దంలో సర్దింది. అక్కడ బోర్డు పెట్టలేదు. మిగతా అరల మీద అట్టముక్కలు అలాగే ఉంచింది. లేవలేనివాళ్ళని ఇంట్లోంచి తీసుకొచ్చేవాళ్ళకి బోర్డు కావాలి, వాళ్ళకి వెతుక్కునే ఓపిక ఉండదు.

ఇప్పుడు సైటు పని చాలావరకు సిస్టరమ్మే చూసుకుంటుంది. చెట్టు ఒక్కచోట ఉండదని ఆవిడకి తెలిసొచ్చింది. సైటువాళ్ళు ఎప్పుడో ఒక కొమ్మని రెండుగా చీలుస్తారు, ఇంకోదాన్ని మూసేస్తారు, నిన్నటిదాకా లేని గడికి ఇవాళ ఎర్రచుక్క పెడతారు. అప్పుడు సాఫ్ట్‌వేరు పాత ముడులన్నీ మళ్ళీ చూసుకుని, తేల్చుకోగలిగినవి తేల్చుకుని, మిగిలినవి ఆవిడ ముందు పెడుతుంది. పొద్దున్న షట్టరు తీయకముందే వాటిని చూసెయ్యడం అలవాటైంది.

ఈమధ్య చెంచాల కొమ్మని తినేవి, వడ్డించేవి అని చీల్చారు. సాఫ్ట్‌వేరు సరిగ్గానే తినేవాటిలో వేసింది. కొత్తగా పిడి దేనితో చేశారో చెప్పాలట, రబ్బరా, సిలికానా అని. వివరణలో మెత్తటి పిడి అని తప్ప ఏమీ లేదు గనక సాఫ్ట్‌వేరు గడి ఖాళీగా వదిలి ఆవిడని అడిగింది. సిస్టరమ్మ చెంచా తీసి వేలితో నొక్కి చూసింది, వాసన చూసింది. రెండింట్లో ఏదైనా కావచ్చు.

“సిలికాన్ అని కొట్టెయ్యరాదూ? ఎవరు చూడొచ్చారు?” అన్నాడాయన తాళంచేతులు వెతుక్కుంటూ.

ఆవిడ చెంచా తయారుచేసినవాళ్ళకి మెసేజి పెట్టి, దాన్ని ఆ పూటకి సైట్లోంచి పక్కన పెట్టి, తాళంచేతులు తన కొంగుకే ఉన్నాయని ఆయనకి చూపించింది.